58 నిండే ముందు: ఒక ఈపీఎస్ లెక్క, ఒక యాన్యుటీ సంతకం

2023 అక్టోబరులో ఒక ఆదివారం ఆయన నా ఆఫీసుకు వచ్చి, బల్ల మీద పెట్టిన కాగితంలో ఒకే లైను ఉంది: 30 × 15,000 ÷ 70 = 6,428. "నా పీఎఫ్ పెన్షన్ ఇదేనా సార్? ఒకసారి చూసి చెప్పండి" అన్నారు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో క్వాలిటీ మేనేజర్. పేరు రాయను, మేనేజర్ గారు అనే అంటాను. 2025 మే 12కి 58 నిండుతాయి, ఆ నెలాఖరుకు రిటైర్మెంట్. చేతిలో 19 నెలలు ఉన్నాయి.

ఫార్ములా తప్పు కాదు. పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి పరిమితి 15,000. 20 ఏళ్ళ సర్వీసు ఉండి 58కి రిటైరైతే రెండేళ్ళు బోనస్‌గా కలుపుతారు. ఆయన 1996 నుంచి పని చేస్తున్నారు కాబట్టి 28 ఏళ్ళు, బోనస్‌తో 30. కానీ లెక్కలో వేసిన రెండు అంకెలూ, ఆ 30, ఆ 15,000, ఆయనవి కావు. అది తేలడానికి రెండు మీటింగులు పట్టాయి. దాన్ని సరిచేయడానికి ఏడు నెలలు పట్టింది.

రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డవాళ్ళు వస్తే చాలామంది సలహాదారులు ముందు అడిగేది "మొత్తం ఎంత ఉంది?" అని. నేను ముందు అడిగేది "వీటిలో ఒకసారి సంతకం పెట్టాక వెనక్కి తీసుకోలేనివి ఏవి?" అని. ఎఫ్‌డీ తప్పు బ్యాంకులో వేస్తే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. ఒకేసారి డబ్బు కట్టి జీవితాంతం నెలనెలా తీసుకునే యాన్యుటీలో ఆప్షన్ తప్పుగా టిక్ పెడితే దాన్ని జీవితాంతం మోయాలి. అందుకే నా చెక్‌లిస్ట్ ఆస్తుల వరసలో ఉండదు, గడువుల వరసలో ఉంటుంది. ముందు రికార్డులు, తర్వాత మార్చలేని సంతకాలు, చివర్లో పెట్టుబడులు.

సర్వీసు ఎన్నేళ్ళు?

ఈపీఎస్, అంటే పీఎఫ్‌తో పాటు నడిచే ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995 నవంబరు 16న మొదలైంది. యజమాని కట్టే వాటాలోంచి జీతంలో 8.33 శాతం ఇందులోకి వెళ్తుంది, అదీ పరిమితి ఉన్న జీతం మీదే. ఇప్పుడు నెలకు 1,250 రూపాయలు. పీఎఫ్‌కు ఉన్నట్టు దీనికి మన పేరు మీద పెరిగే నిల్వ ఉండదు, ఉండేది సర్వీసు మాత్రమే. కాబట్టి ఆ సర్వీసు రికార్డులో ఎన్నేళ్ళు అని పడిందన్నదే అసలు ప్రశ్న.

ఆయన్ను ప్రతి ఉద్యోగం తేదీలతో రాయమన్నాను. మూడు వచ్చాయి. బాలానగర్‌లో 1996 ఆగస్టు నుంచి 2002 మార్చి దాకా మొదటిది. జీడిమెట్లలో 2002 జూన్ నుంచి 2005 నవంబరు దాకా రెండోది. 2006 జనవరి నుంచి ఇప్పటి కంపెనీ. తర్వాత పీఎఫ్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిపించాను. అందులో ఉన్నది ఒక్కటే, ఇప్పటి కంపెనీ. అన్ని ఉద్యోగాల పీఎఫ్‌కూ ఒకే నంబరుగా యూఏఎన్ వచ్చిందే 2014 అక్టోబరులో. అంతకు ముందు మానేసిన కంపెనీల మెంబర్ ఐడీలు వాటంతట అవి వచ్చి యూఏఎన్ కింద చేరవు.

"బాలానగర్ కంపెనీ మానేసినప్పుడు పీఎఫ్ ఏం చేశారు?"

"తీసేశాం సార్. అప్పుడే చెల్లి పెళ్ళి."

"పీఎఫ్ ఒక్కటేనా, పెన్షన్ కూడానా? రెండు ఫారాల మీద సంతకం పెట్టారా?"

కాసేపు ఆలోచించి, రెండనే గుర్తు అన్నారు. ఫారం 19 పీఎఫ్‌ది, ఫారం 10సీ పెన్షన్‌ది. పదేళ్ళ సర్వీసు నిండనివాళ్ళు 10సీ పెట్టి పెన్షన్ డబ్బు తీసేసుకోవచ్చు. లేదా అదే ఫారం మీద డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని, ఆ సర్వీసును తర్వాతి ఉద్యోగంలో కలుపుకోవచ్చు. 2002లో ఆ రెండో దారి గురించి ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. డబ్బు తీసుకున్న రోజే ఆ ఐదేళ్ళ ఎనిమిది నెలలు పోయాయి. దాన్ని ఇప్పుడు బతికించే దారి లేదు. ఈ మాట చెప్పగానే ఆయన మొహం వాడిపోయింది. "ఎంతొచ్చిందో కూడా గుర్తులేదు సార్" అన్నారు.

మిగిలినవి రెండు ఉద్యోగాలు. ఇప్పటి కంపెనీలో 2006 జనవరి నుంచి 58 నిండే రోజు దాకా 19 ఏళ్ళ 4 నెలలు. అందులో 2011లో బైక్ యాక్సిడెంట్ అయి జీతం లేకుండా 70 రోజులు ఇంట్లో ఉన్నారు. చందా కట్టని రోజులు సర్వీసులోంచి పోతాయి. అంటే 19 ఏళ్ళ 2 నెలలు. ఆరు నెలలు, అంతకు మించి ఉంటే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు, తక్కువైతే వదిలేస్తారు. ఈయనది 19 దగ్గరే ఆగిపోతుంది. 20 లేదు కాబట్టి రెండేళ్ళ బోనసూ లేదు.

ఇక 15,000 సంగతి. ఆ పరిమితి 2014 సెప్టెంబరు 1 నుంచి వచ్చింది. అంతకు ముందు 6,500. పరిమితి మీదే చందా కట్టినవాళ్ళకు పాత సర్వీసును 6,500తోను, ఆ తర్వాతి సర్వీసును 15,000తోను విడివిడిగా లెక్కిస్తారు. రిటైరయ్యే వాళ్ళలో చాలామంది మొత్తం సర్వీసును 15,000తోనే గుణించుకుని వస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని కాలిక్యులేటర్లూ అలాగే చేస్తాయి.

కాగితం మీద వేశాం. 2014 ఆగస్టు దాకా ఎనిమిదిన్నర ఏళ్ళు, 6,500తో గుణిస్తే 55,250. ఆ తర్వాత పది ఏళ్ళ ఎనిమిది నెలలు, 15,000తో గుణిస్తే సుమారు 1,60,000. రెండూ కలిపి 70తో భాగిస్తే 3,075. ఆయన రాసుకొచ్చిన 6,428లో సగానికీ తక్కువ.

జీడిమెట్ల స్లిప్పు

చిక్కంతా జీడిమెట్ల కంపెనీ దగ్గర. అక్కడ మూడున్నరేళ్ళు. పీఎఫ్ తీయలేదు, మార్చుకోలేదు, అలాగే వదిలేశారు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. "చిన్న మొత్తం సార్, దాని వెంట ఎవరు తిరుగుతారు" అన్నారు. ఆ చిన్న మొత్తం సంగతి కాదు నేను చూసేది. ఆ మూడున్నరేళ్ళు కలిస్తే మొత్తం సర్వీసు 22 ఏళ్ళ 8 నెలలు, అంటే 23 అవుతుంది. 20 దాటుతుంది కాబట్టి బోనస్ రెండేళ్ళూ వస్తాయి. పాత సర్వీసు ఎనిమిదిన్నర నుంచి పన్నెండు ఏళ్ళవుతుంది. పెన్షన్ 3,400, దాని మీద బోనస్ కలిపి 3,600 నుంచి 3,800 మధ్య తేలుతుంది.

నెలకు ఆరేడు వందల కోసం ఇంత అవసరమా అని ఆయనే అడిగారు. అవసరమే అన్నాను. ఆయన తదనంతరం భార్యకు వచ్చేది ఇందులో సగం. ఆయనకున్న ఆదాయాల్లో వేరే ఏ సంతకమూ అవసరం లేకుండా భార్యకు జీవితాంతం వచ్చేది ఇదొక్కటే. పైగా ఆ పాత పీఎఫ్ డబ్బు వడ్డీతో సహా ఎక్కడో పడి ఉంది.

పాత మెంబర్ ఐడీ కావాలి. ఊళ్ళో ట్రంకు పెట్టెలో 2004 నాటి జీతం స్లిప్పు దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, కానీ పీఎఫ్ నంబరు చదవగలిగేలా ఉంది. దాంతో బదిలీకి పెట్టాం. మొదటిసారి తిరిగొచ్చింది. కారణం పేరు. జీడిమెట్ల కంపెనీ రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా. మానేసిన తేదీ గడి ఖాళీ. కంపెనీ నడుస్తుంటే హెచ్ఆర్ సంతకంతో జాయింట్ డిక్లరేషన్ పెడితే సరిపోయేది. మూతపడ్డ కంపెనీ కాబట్టి గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ, పాత స్లిప్పు, అపాయింట్‌మెంట్ లెటర్ కాపీ జత చేయాల్సి వచ్చింది. 2024 మేలో పని పూర్తయింది.

ఆ రాత్రే ఆయన ఫోన్. గొంతులో టెన్షన్. "సార్, పాస్‌బుక్‌లో పీఎఫ్ డబ్బు వచ్చింది, పెన్షన్ కాలమ్‌లో మాత్రం సున్నా ఉంది. పెన్షన్ పోయిందా?" పోలేదు. పెన్షన్‌లో డబ్బు కదలదు, సర్వీసు వివరాలే కదులుతాయి, కాబట్టి ఆ కాలమ్‌లో సున్నాయే ఉంటుంది. చూడాల్సింది అనెక్షర్ కె అనే కాగితం. పాత కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ, పెన్షన్ సర్వీసు అందులో ఉండాలి. తెప్పించి చూశాం, మూడున్నరేళ్ళూ ఉన్నాయి.

ఇదే పని రిటైరయ్యాక మొదలుపెట్టి ఉంటే? పెన్షన్ దరఖాస్తు 19 ఏళ్ళతో వెళ్ళేది, అదే మంజూరయ్యేది. మంజూరైన పెన్షన్‌ను తర్వాత సవరించుకోవచ్చు గానీ, దానికి తిరగాల్సిన తిరుగుడు వేరు.

ఇంకో చిన్న విషయం. 58 నిండాక, పెన్షన్‌ను వాయిదా వేసుకోకపోతే, పెన్షన్ ఫండ్‌లోకి చందా వెళ్ళకూడదు, యజమాని వాటా అంతా పీఎఫ్‌లోకే పోవాలి. 60 దాకా పనిచేసే కంపెనీల్లో పేరోల్ సాఫ్ట్‌వేర్ దీన్ని గమనించకుండా కట్టుకుంటూ పోవడం చూశాను. నా ఇంకో క్లయింట్‌కు 14 నెలలు అలా కట్టేశారు, పెన్షన్ క్లెయిమ్ అక్కడే ఇరుక్కుంది. అందుకే మేనేజర్ గారి చేత మార్చిలోనే హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టించాను.

రెండేళ్ళు ఆగితే?

ఆయన స్నేహితుడెవరో చెప్పారట, 58కి తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెన్షన్ పెరుగుతుందని. నిజమే, 2016 నుంచి ఆ వీలు ఉంది. కాగితం మీద వేస్తే ఇలా వచ్చింది. రెండేళ్ళు ఆగితే నెలకు సుమారు 300 ఎక్కువ. ఆ రెండేళ్ళలో వదులుకునేది 3,700 చొప్పున 24 నెలలు, అంటే 88,800. 300 చొప్పున అది తిరిగి రావాలంటే 296 నెలలు, దాదాపు 25 ఏళ్ళు. 60 నుంచి లెక్కేస్తే ఆయనకు 85 దగ్గరపడతాయి. పైగా ఈపీఎస్ పెన్షన్ ధరలతో పాటు పెరగదు, మొదటి నెల ఎంతో పాతికేళ్ళ తర్వాతా అంతే. ఇంకా ఉద్యోగంలో ఉండి, చందా కడుతూ, 20 ఏళ్ళ గీత దాటడానికి కొన్ని నెలలే తక్కువైన వాళ్ళకైతే వేరే లెక్క. ఈయనకు ఆగాల్సిన పని లేదు.

ఆమె అడిగిన ప్రశ్న

కంపెనీ తరఫున పీఎఫ్ కాక ఇంకొకటి ఉంది, సూపర్యాన్యుయేషన్ ఫండ్. బేసిక్‌లో 15 శాతం దాకా కంపెనీ కడుతుంది, ఉద్యోగి జేబులోంచి ఏమీ పోదు, అందుకే చాలామందికి అది ఉందన్న సంగతే గుర్తుండదు. ఈయనకు రిటైరయ్యే నాటికి 27 లక్షలు అంచనా. గ్రాట్యుటీ కూడా వచ్చేవాళ్ళు ఇందులో మూడో వంతు నగదుగా తీసుకోవచ్చు, దాని మీద పన్ను లేదు. మిగిలిన రెండు వంతులతో ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలి. 9 లక్షలు చేతికి, 18 లక్షలు యాన్యుటీకి.

2025 ఫిబ్రవరిలో తెప్పించిన కోట్స్ ఇవి. ఆయన బతికున్నంత కాలం మాత్రమే ఇచ్చేది నెలకు 12,000. ఆయన తర్వాత భార్యకూ అంతే మొత్తం జీవితాంతం వచ్చేది 10,800. ఇద్దరి తర్వాత 18 లక్షలు వారసులకు తిరిగిచ్చేది 9,750. ఈ రేట్లు కంపెనీని బట్టి, నెలను బట్టి మారతాయి, కానీ వరస ఇదే ఉంటుంది.

ఆయన అప్పటికే మొదటి దానికి టిక్ పెట్టుకుని వచ్చారు. ఎక్కువ వచ్చేది అదే కదా. నేను సరేననలేదు, కాదనలేదు. "వచ్చే ఆదివారం మేడమ్‌ను కూడా తీసుకురండి" అన్నాను. రిటైర్మెంట్ కేసుల్లో భార్య లేకుండా యాన్యుటీ ఫారం మీద సంతకం పెట్టించను. ఇది నా సొంత నియమం. దీని వల్ల ఒకరిద్దరు క్లయింట్లు నొచ్చుకున్నారు కూడా.

ఆవిడకు అప్పుడు 53 దగ్గర. సొంత ఆదాయం లేదు. మూడు అంకెలూ విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు, "ఈయన లేకపోతే నాకెంత వస్తుందండీ?"

మొదటి ఆప్షన్‌లో అయితే యాన్యుటీ ఆగిపోతుంది, ఈపీఎస్‌లో సగం, సుమారు 1,850 వస్తుంది, మిగిలిందంతా బ్యాంకులో ఉన్న డబ్బే అని చెప్పాను. మేనేజర్ గారు ఏదో అనబోయారు. ఆవిడ ఆయన వైపు చూడకుండానే, "మా అమ్మ 91 ఏళ్ళు బతికింది" అన్నారు.

అక్కడితో మొదటి ఆప్షన్ పోయింది. మిగిలిన రెండింటి మధ్య కాసేపు నడిచింది. ఆయనకు 18 లక్షలు పిల్లలకు దక్కకుండా పోతాయని బాధ. ముప్పై ఏళ్ళ తర్వాత చేతికొచ్చే 18 లక్షలు, ఏటా 5 శాతం ధరలు పెరిగితే, ఇవాళ్టి నాలుగు లక్షల చిల్లరతో సమానం. దాని కోసం ముప్పై ఏళ్ళ పాటు నెలకు 1,050 వదులుకోవాలి. "ఇల్లు పిల్లలకే కదా పోయేది" అని ఆవిడే తేల్చారు. 10,800 దానికి సంతకం పెట్టారు.

పిల్లలకు ఎలాగైనా నగదు మిగిల్చాలనుకునేవాళ్ళు, లేదా భార్యాభర్తలిద్దరి ఆరోగ్యమూ బాగోలేనివాళ్ళు మూడోది ఎంచుకుంటే తప్పు పట్టను. భార్యకు సొంతంగా ప్రభుత్వ పెన్షన్ ఉన్న ఇంట్లో మొదటిది కూడా సరైనదే కావచ్చు. ఎక్కువ అంకె కనిపించింది కదాని ఎంచుకోవడమే నేను ఒప్పుకోనిది.

మూడు నెలల కిటికీ

రిటైరయ్యాక చేతికొచ్చినవి ఇవి. పీఎఫ్ 41 లక్షలు. గ్రాట్యుటీ 7,67,000 చిల్లర (చివరి బేసిక్, డీఏ కలిపి 70,000, దాన్ని 26తో భాగించి 15తో, 19 ఏళ్ళతో గుణిస్తే అంతే వస్తుంది. 20 లక్షల లోపు కాబట్టి పన్ను లేదు). సూపర్యాన్యుయేషన్‌లో నగదు 9 లక్షలు. సొంతంగా దాచుకున్నవి ఎఫ్‌డీలు 12 లక్షలు, పీపీఎఫ్ 14 లక్షలు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లు 16 లక్షలు. చందానగర్‌లో ఇల్లు, అప్పు లేదు. బంగారం లెక్కలోకి తీసుకోలేదు.

గ్రాట్యుటీ జూన్ 24న, పీఎఫ్ జూలై 18న సేవింగ్స్ ఖాతాలో పడ్డాయి. ఆ వారంలోనే బ్యాంకు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఐదేళ్ళు కట్టే, బీమా పెట్టుబడి కలిపిన యూలిప్, "మీ కోసమే సార్" అని. ఈ ఫోన్లు వస్తాయని ముందే చెప్పాను. మూడు నెలలు దేని మీదా సంతకం పెట్టొద్దని, ఒక్క దాని మీద తప్ప, అని కూడా చెప్పాను. ఆ ఒక్కటి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్.

దీనికి మామూలుగా 60 నిండాలి. 55 దాటి రిటైరైనవాళ్ళు కూడా చేరొచ్చు, కానీ రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు. 2023 నవంబరుకు ముందు ఒక్క నెలే ఉండేది. పెట్టే మొత్తం వచ్చిన రిటైర్మెంట్ డబ్బును మించకూడదు, ఒక మనిషికి 30 లక్షలు దాటకూడదు. ఆ గడువు దాటితే ఈయన 60 నిండేదాకా, 2027 మే దాకా ఆగాలి. వేర్వేరు తేదీల్లో డబ్బు వచ్చినప్పుడు నేను ముందు వచ్చిన దాని నుంచే లెక్కేస్తాను, కౌంటర్‌లో వాదన పెట్టుకోవడం కన్నా అదే మేలు. సెప్టెంబరు 24 మా గడువు అనుకున్నాం. కంపెనీ ఇచ్చిన రిటైర్మెంట్ సర్టిఫికెట్‌లో ఏయే మొత్తం ఏ తేదీన ఇచ్చారో ఉండాలి. ముందు ఇచ్చిన దానిలో హోదా, తేదీ మాత్రమే ఉన్నాయి, మళ్ళీ రాయించాం. ఆగస్టు 4న 30 లక్షలతో ఖాతా తెరిచారు. 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి 61,500. నెలకు చూస్తే 20,500.

వడ్డీ మీద ముందే కోసే పన్ను, టీడీఎస్ దగ్గర ఒక తిరకాసు. బ్యాంకు గుమస్తా ఆ పన్ను కోయొద్దని రాసిచ్చే 15హెచ్ ఫారం ఇచ్చాడు. అప్పట్లో అది 60 నిండినవాళ్ళది. ఈయన ఇంకా 15జీ పరిధిలోనే ఉన్నారు, దానికి షరతులు ఎక్కువ ఉండేవి. రిటైరైన ఏడాది జీతం కూడా కలిసింది కాబట్టి ఆ సంవత్సరం ఏ ఫారమూ ఇవ్వొద్దని, కోత పడితే రిటర్న్‌లో తిరిగి తీసుకుందామని చెప్పాను.

ఆరోగ్య బీమా సంగతి చెప్పలేదు. అది అన్నిటికన్నా ముందు చేసిన పని. కంపెనీ గ్రూప్ బీమా ఆఖరి పనిదినంతో పోతుంది. ఈయనకు షుగరు, బీపీ ఉన్నాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వ్యక్తిగత పాలసీల్లో మూడేళ్ళ దాకా నిరీక్షణ కాలం ఉండొచ్చు. 2023 డిసెంబరులోనే కొనిపించాను. కంపెనీ బీమా నడుస్తుండగానే పదిహేడు నెలలు గడిచిపోయాయి.

సరిపోతుందా?

నెల ఖర్చు 55,000 అని చెప్పారు. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి సరిచూశాను, దాదాపు అంతే. వచ్చేవి: ఈపీఎస్ 3,700, యాన్యుటీ 10,800, సీనియర్ సిటిజన్ వడ్డీ 20,500. మొత్తం 35,000. తక్కువ పడేది 20,000. అంతేకదా, మిగతా డబ్బులోంచి తీసుకోవచ్చు అనిపిస్తుంది.

ఈ మూడు ఆదాయాల్లో పెరిగేది ఒక్కటీ లేదు. ఖర్చు ఏటా 5 శాతం పెరిగితే పదేళ్ళకు 55,000 కాస్తా 89,000 దాటుతుంది. ఆదాయం అదే 35,000. అప్పుడు తక్కువ పడేది 20,000 కాదు, 54,000 పైన. క్లయింట్లకు ఈ ఒక్క గీత కాగితం మీద గీసి చూపిస్తే మిగతా అన్ని మాటలకన్నా బాగా అర్థమవుతుంది.

సీనియర్ సిటిజన్ ఖాతాలో పెట్టింది పోగా ఆయన దగ్గర ఉండాల్సింది దాదాపు 70 లక్షలు. ఉన్నది 62. జూలైలో నాకు చెప్పకుండానే కూతురి ఫ్లాట్‌కు 8 లక్షలు ఇచ్చేశారు. ఇచ్చాక చెప్పారు. ఆడపిల్లకు ఇచ్చిన దాని గురించి ఏం మాట్లాడగలం? లెక్క మాత్రం చూపించాను. ఆ 62 లక్షల మీద సగటున ఏడున్నర శాతం వస్తే, తక్కువ పడేది అందులోంచి తీసుకుంటూ పోతే, ఏడెనిమిదేళ్ళ దాకా నిల్వ పెరుగుతున్నట్టే కనిపిస్తుంది. తర్వాత తగ్గడం మొదలై ఆయనకు 79 వచ్చేసరికి ఖాళీ అవుతుంది. ఆపైన ఆ 30 లక్షలతో ఇంకో రెండేళ్ళు. ఆ 8 లక్షలు ఉంచుకుని ఉంటే ఇంకో రెండేళ్ళు అటూఇటుగా నడిచేది.

ఆయనకు 81 అంటే ఆవిడకు 76. వాళ్ళమ్మ 91 దాకా బతికింది.

అందుకే రెండు మార్పులు. పాత కంపెనీలోనే వారానికి మూడు రోజులు కన్సల్టెంట్‌గా నెలకు 25,000కు ఒప్పుకున్నారు, రెండేళ్ళ పాటు. దాంతో ఈ రెండేళ్ళు 62 లక్షలను ముట్టుకోనక్కర్లేదు. రెండోది, ఆయన రిటైరవగానే అమ్మేద్దామనుకున్న మ్యూచువల్ ఫండ్లు అమ్మలేదు. మూడేళ్ళలో వాడాల్సిన డబ్బు ఎఫ్‌డీల్లో, మధ్యకాలానిది పీపీఎఫ్‌లో, పదేళ్ళ తర్వాతిది ఫండ్లలో. పీఎఫ్, గ్రాట్యుటీలో మిగిలిన డబ్బులో కొంత కూడా నెమ్మదిగా అటు పోతోంది, ఒక్కసారిగా కాదు. మార్కెట్ పడితే ఆయన రాత్రిళ్ళు నిద్రపోరు, ఆ సంగతి 2020 మార్చి కబుర్లు చెప్పినప్పుడే తెలిసింది. కాబట్టి మొత్తంలో మూడో వంతు దాటనివ్వలేదు. అప్పటికీ చివర్లో తక్కువ పడితే ఇల్లు ఉంది, దాన్ని అమ్మి చిన్నదానికి మారతారా, ఇంటి మీద బ్యాంకు నుంచి నెలనెలా అప్పు తీసుకునే రివర్స్ మార్టగేజ్ పెడతారా అన్నది ఆవిడకు 70 దాటాక మాట్లాడాల్సిన మాట.

పెన్షన్ దరఖాస్తు ఫారం 10డీతో పాటు భార్యాభర్తల ఉమ్మడి ఫొటో, బ్యాంకు వివరాలు వెళ్ళాయి, పెన్షన్ మొదలైంది. పెన్షన్ మంజూరు ఆర్డరు, పీపీఓ నంబరు ఆవిడ తన పద్దుల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నారు, కింద ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల కూడా.

యాన్యుటీ బాండ్ ఆగస్టు చివర్లో వచ్చింది. ఆయన ఫొటో తీసి పంపి, "ఫైల్లో పెట్టేస్తున్నా సార్" అన్నారు. పెద్దది చేసి చూశాను. భార్య పుట్టిన సంవత్సరం 1972 బదులు 1973 అని పడింది. ఈ బాండ్ చేతికొచ్చేది ఆవిడకే, అదీ ఆయన లేని రోజున. ఆధార్‌తో తేదీ కలవదని అప్పుడు తెలిస్తే ఏ కౌంటర్ చుట్టూ తిరగాలి? ఆధార్ కాపీతో బాండ్ వెనక్కి పంపించాం. సరిచేసింది అక్టోబరు 9న వచ్చింది.